ఆఖరి స్తంభం దగ్గర నాలుగు వందల పది

పొలాల్లో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించి మొదటిసారి కరెంటు వదిలే ముందు మా వైపు రైతులు దాని దిమ్మెకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టిస్తారు. ఆ కాయను అక్కడికి వచ్చిన కరెంటువాళ్లలో ఒకరి చేతికి ఇస్తారు. ఎవరికివ్వాలో ముందుగా మాట్లాడుకోరు. ఇచ్చే చెయ్యి తనంతట తానే ఒక మనిషి వైపు పోతుంది. బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఏళ్లు ఆ చెయ్యి నా వైపే వచ్చింది.

నేను స్తంభాలెక్కే హెల్పర్‌గా చేరి, లైన్‌మన్‌నై, తరువాత లైన్ ఇన్‌స్పెక్టర్‌నయ్యాను. జీతం పెరిగినప్పుడు కలిగిన సంతోషం నాకిప్పుడు జ్ఞాపకం లేదు. కొబ్బరికాయ నా చేతిలో పెట్టి ‘నువ్వే కొట్టాలె అన్నా’ అన్న ప్రతి రైతూ జ్ఞాపకం ఉన్నాడు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ దీన్ని వదిలేస్తే తరువాత జరిగినదేదీ అర్థం కాదు.

మా ఆఫీసుకు కొత్త ఇంజనీరు వచ్చిన ఏడాది ఆ చెయ్యి పక్కకు తిరిగింది. ఆమెకు ముప్పై నిండలేదు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలాలు చేసుకున్న కుటుంబం వాళ్లది. ఆమె పుట్టింది, పెరిగింది, చదివింది అంతా ఇక్కడే, భాషా మాదే. అలా వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. అందుకని ఆమె లేనప్పుడు నేను ‘క్యాంపు పిల్ల’ అనేవాడిని, అదేదో తక్కువ సంగతైనట్టు. ఎదురుగా మాత్రం మేడం. ఆమె నన్ను అన్నా అని పిలిచేది. ఆ పిలుపులో వంక పెట్టడానికేమీ లేదు, అందుకే ఇంకా కష్టంగా ఉండేది.

మొదటిసారి అది ఒక చెరుకు తోట గట్టున జరిగింది. ట్రాన్స్‌ఫార్మర్ సిద్ధంగా ఉంది. రైతు కాయ పట్టుకొని వచ్చాడు. నేను జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటున్నాను. అతను నన్ను దాటిపోయి ఆమె ముందు నిలబడ్డాడు.

“మేడం, మీరు కొట్టాలె.”

ఆమె నా వైపు చూసింది. “అన్న పెద్దోడు. అన్నతోని కొట్టియ్యి.”

“మీకిచ్చిండ్రు గద మేడం, మీరే కొట్టున్రి,” అన్నాను నవ్వుతూ.

కాయ మొదటి దెబ్బకు పగల్లేదు, రెండో దెబ్బకూ పగల్లేదు. నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో! మూడో దెబ్బకు వంకరగా పగిలి నీళ్లు ఆమె చెప్పుల మీద పడ్డాయి. రైతులు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. అలా నవ్వగలగడం చూసి ఆ హాయి కూడా పోయింది.

నేను చెప్పదలచుకున్న సంగతి ఒక అవ్వ పొలానిది. ఊరి పేరు వద్దు. ఆ ఊరి కింది పొలాలకు కాలువ నీళ్లు పారుతాయి, ఎగువ మిట్టకు ఎక్కవు. మిట్ట మీద అయిదు బోర్లున్నాయి, నీళ్లు పైనే అందుతాయి కాబట్టి మోటార్లు బోరు లోపల కాక బయట దిమ్మెల మీదే ఉంటాయి. ఆ వరుసలో చిట్టచివరిది అవ్వ బోరు. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఇవతలి చివరన, ఊరి పెద్ద రైతు పొలంలో ఉంది. ఆయన్ను అందరూ పటేల్ అంటారు. అక్కడి నుంచి మామూలు మోటారు కరెంటు, అంటే నాలుగు వందల పై చిల్లర వోల్టుల లైను, అరమైలు పొడవున స్తంభాల మీద సాగి అవ్వ బోరు దగ్గర ఆగిపోతుంది. పటేల్ మోటారు ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనుకొని ఉంటుంది కాబట్టి దానికెప్పుడూ జ్వరం రాలేదు. అవ్వ మోటారు ఏడాదికోసారైనా వైండింగు కాలి బాన్సువాడ షాపుకు వచ్చేది.

అవ్వకు నేనంటే ప్రాణం. లైను మీద పని ఉన్నా లేకున్నా నేను అటు వెళ్తే బోరు పక్కన వేపచెట్టు కింద మంచం వాల్చి, చెంబుతో సల్ల, అంటే మజ్జిగ, ఇచ్చేది. ‘కొడుకా’ అనేది. ఆమెకు కొడుకుల్లేరు. ఆ పిలుపు నాకొక్కడికే అని నేను అనుకునేవాడిని.

ఆ లైనుకు మందు నేనెప్పుడో చెప్పాను. పాత సన్న తీగ తీసేసి లావు తీగ లాగాలి. ఇది నా మాటగా ఆఫీసులో చాలాసార్లు తిరిగింది, పని మాత్రం కాలేదు. కొత్త ఇంజనీరు వచ్చాక ఒక సాయంత్రం ఆఫీసు ఆవరణలో, కాలిపోయి పక్కన పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర నిలబడి ఆ సంగతే ఎత్తాను. లైన్‌మన్లు నలుగురు చుట్టూ ఉన్నారు.

“లావు తీగ మంచిదే అన్నా,” అందామె. “రెండింతల లావు తీగ వేస్తే తీగలో వేడిగా పోయే కరెంటు సగమైతది. కానీ తీగ మార్చకుండ వేరే పని చేద్దాం. అవే స్తంభాలు, అవే తీగలు. పైన తీగల్ని మోసే పింగాణి గిన్నెలు మార్చి, పదకొండు వేల వోల్టుల లైనునే అవ్వ బోరు దాక తీస్కపోదాం. అక్కడ ఓ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి అయిదు బోర్లకిద్దాం.”

“తీగ అదే అయితే వేడి ఎట్ల తగ్గుతది మేడం?” అన్నాడొక లైన్‌మన్.

ఆమె సున్నపు ముక్కతో పాత ట్రాన్స్‌ఫార్మర్ పొట్ట మీద రాసింది. మోటారుకు ఎనిమిది ఆంపియర్ల చొప్పున అయిదింటికి నలభై. ఇదే పనిని పదకొండు వేల వోల్టుల మీద పంపితే తీగలో పారేది ఒకటిన్నర ఆంపియరు. వోల్టేజీ ఇరవై ఆరింతలు పెరిగితే కరెంటు ఇరవై ఆరో వంతుకు పడిపోతుంది.

“అయితే నష్టం గూడ ఇరవై ఆరో వంతు,” అన్నాడతను.

“కాదు తమ్మీ. ఇంకా కిందికి పోతది. చూడు, తీగలో కరెంటు రెండింతలైతే ఒక్కో ఆంపియరు దారిలో పోగొట్టుకునే వోల్టులు రెండింతలైతయి. అట్ల పోగొట్టుకునే ఆంపియర్లు గూడ రెండింతలు. రెండు రెళ్లు నాలుగు. మూడింతలైతే తొమ్మిది. కరెంటును దానితోనే గుణించాలె. తగ్గేటప్పుడు గూడ గదే లెక్క. ఇరవై ఆరు ఇరవై ఆర్లు ఎంత?”

ఎవరో ఫోను తీసి నొక్కారు. “ఆరు వందల డెబ్బై ఆరు.”

“ఇప్పుడు అయిదు మోటర్లు నడిస్తే దారిలో తీగలు తినేదాంతోని ఇంకో మోటరు నడుస్తది, ఇంకా మిగులుతది. రేపు అదే తీగ తినేది చిన్న బల్బు తినేటంత. ట్రాన్స్‌ఫార్మర్ తన వాటా తను తింటది, అది వేరే. మద్నూర్ రోడ్డు మీద పెద్ద టవర్లు చూస్తరు గద, లక్షా ముప్పై రెండు వేల వోల్టులు. దూరం పంపేటోళ్లందరిదీ గిదే లెక్క.”

నాకు ఈ లెక్క తెలియనిది కాదు. శిక్షణలో చెప్పారు, నేనూ పరీక్షలో రాశాను. నా తీగ మాట పడిపోవడమే మింగుడు పడలేదు. “లావు తీగతోని గూడ నష్టం గంత తగ్గియ్యొచ్చు మేడం, ఇంకా లావు తీగ ఏస్తే,” అన్నాను.

“ఇదే తీగలు ఆరు వందల డెబ్బై ఆరు వరసలు గుంజాలె అన్నా,” అంది ఆమె. “మన స్తంభాలు మోస్తయా?”

అందరూ నవ్వారు. ఆమె వెక్కిరించలేదు. వెంటనే నా వైపు తిరిగి, “అన్న లావు తీగ ఏద్దామన్నది తప్పేం కాదు, ఇన్నేండ్లు మన దగ్గర ఉన్న ఉపాయం గదే,” అని సర్దింది కూడా. అది నాకు జాలిలా వినిపించింది. ఆ నవ్వు ఇంటిదాకా నా వెంట వచ్చింది. అన్నం దగ్గర కూడా కూర్చుంది.

కొద్ది రోజులకు అవ్వ పొలానికి వెళ్లాను. మంచం ముందే వాల్చి ఉంది. సల్ల చెంబు పక్కన ఇంకో గ్లాసు బోర్లించి ఉంది.

“ఎవరొచ్చిన్రు అవ్వా?”

“మీ ఇంజనీరు బిడ్డ. పొద్దున వొచ్చింది. ఎంత మంచి పిల్ల కొడుకా! మోటరు మీద చెయ్యి వెట్టి, ‘అవ్వా, జెరమొచ్చినట్టు కాలుతున్నది’ అన్నది. పెద్ద లైను తెస్తదట. ఇగ నా మోటరు కాలదట.”

“సల్ల తాగిందా?”

“రెండు గిలాసలు తాగింది. గీ మంచం మీదనే కూసున్నది.”

నేను ఆ మంచం మీద కూర్చోలేదు. పని ఉందని నిలబడే తాగి వచ్చేశాను. ఆ చెంబు, ఆ మంచం, ఆ ‘బిడ్డ’ అన్న మాట, అన్నీ నా ఇంట్లోంచి ఎవరో ఎత్తుకుపోయినట్టు అనిపించింది. ఇంజనీరుకు తెలివి ఉంది, చదువు ఉంది, కుర్చీ ఉంది. ఈ సల్ల కూడా ఎందుకు, అనుకున్నాను. నిజంగా ఈ మాటలతోనే అనుకున్నాను.

పెద్ద లైను రావాలంటే పటేల్ ఒప్పుకోవాలి. లైను మొదటి సగం ఆయన పొలం మీదుగా పోతుంది, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవలసిన మిట్ట గట్టు కూడా ఆయనదే. ఇంజనీరు వెళ్లి అడిగింది. ఆయన ఆలోచించి చెప్తానన్నాడు. ఆయన ఆలోచన అంటే నన్ను అడగడం. మరుసటి వారం నాకు ఫోన్ చేశాడు.

“అన్నా, గా మేడం పదకొండు వేలు నా నెత్తి మీదికెళ్లి తీస్కపోతనంటున్నది. నువ్వేమంటవ్?”

“ఫోన్ల ఎందుకు పటేలా, నేనే వస్త,” అన్నాను.

ఏ రోజు వెళ్లాలో నేనే ఎంచుకున్నాను. ముందు రోజు రాత్రి అకాల వాన కురిసింది. మళ్లలో నీళ్లు నిలిచాయి. మిట్ట మీద ఒక్క మోటారు కూడా నడవడం లేదు. పటేల్‌ను బండి ఎక్కించుకొని నేరుగా అవ్వ బోరు దగ్గరికి తీసుకుపోయాను. అవ్వ కూడా వచ్చి నిలబడింది. స్టార్టర్ డబ్బా తెరిచి మీటరు తీగలు పెట్టాను.

“చూడు పటేలా. ఎంతున్నది?”

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. “నాలుగు వందల పది.”

“నీ ట్రాన్స్‌ఫారం కాడ ఎంతుంటది? గదే నాలుగు వందల పది. ఆఖరి స్తంభం కాడ గూడ ఒక్క వోల్టు తగ్గలె. ఇగ పెద్ద లైను ఎందుకు?”

నేనన్న మాటల్లో ఒక్క అబద్ధం లేదు. మీటరు చూపిన అంకె కూడా నిజమే. తీగలో కరెంటు పారనప్పుడు దారిలో పోగొట్టుకోవడానికి ఏమీ ఉండదు. లైను అరమైలైనా ఆరు మైళ్లయినా చివరిదాకా నిండుగా కనిపిస్తుంది. మోటార్లు ఆన్ చేస్తేనే దాని అసలు రంగు బయటపడుతుంది. ఇది నాకు తెలుసు, వాళ్లిద్దరికీ తెలియదు.

“మరి అవ్వ మోటరు ఎందుకు కాలుతున్నది?” అన్నాడు పటేల్.

“పాతది పటేలా. లోపల అంతా అరిగింది. కొత్తది పెట్టుకుంటే అయిపాయె.” ఆపైన ఇది కూడా అన్నాను: “పదకొండు వేలంటే మాటలా? కింద పిల్లలు తిరుగుతరు, బర్లు తిరుగుతయి. రేపు ఏదన్న అయితే మేడం బదిలీ మీద పోతది. నువ్వు పొలం ఎత్తుకొని పోతవా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “పోలేను గద.”

అవ్వ మధ్యలో అంది: “మరి గా బిడ్డ, కొత్త మోటరైనా కాలుతదన్నది కొడుకా?”

“సదువుకున్నోళ్లు అట్లనే చెప్తరు అవ్వా. నీకు నా మాట మీద నమ్మకం లేదా?”

“నిన్ను కాక ఎవరిని నమ్ముత?” అంది అవ్వ.

ఆ మాట కోసమే నేను అంత దూరం వెళ్లానేమో. తిరుగుదారిలో పటేల్ వెనక కూర్చొని ఏదో చెప్తున్నాడు. నాకు వినపడలేదు. నేను గెలిచాను.

పటేల్ ఒప్పుకోలేదు. ఆ పని ఇంకో ఊరికి మారిపోయింది. ఇంజనీరు కాగితం తిప్పి పెట్టి, “రైతు వొద్దంటే బలవంతం చేస్తమా అన్నా,” అంది. ఆమె ముఖం చిన్నబోయింది. నేను ఆమెకు ధైర్యం చెప్పాను. “ఫికర్ చేయకున్రి మేడం, ఊళ్ల సంగతి గిట్లనే ఉంటది,” అన్నాను. చెప్తున్నప్పుడు నా గొంతులో ఉన్న మెత్తదనం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వాన నీళ్లు ఇంకిపోయాయి. యాసంగి పంట మీద ఎండలు మొదలయ్యాయి. మిట్ట మీది అయిదు మోటార్లూ మళ్లీ రాత్రింబవళ్లు నడిచాయి. వరి ఈనిన రోజుల్లో, బాన్సువాడ సంత నాడు, అవ్వ మా ఆఫీసుకు వచ్చింది. అంతకు ముందెప్పుడూ రాలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి నా టేబుల్ దగ్గరికి వచ్చింది. ఇంజనీరు లోపలి గదిలో ఉంది, తలుపు తెరిచే ఉంది.

“ఏందవ్వా, ఇంత దూరమొచ్చినవ్?”

“కొడుకా, నువ్వు చెప్పినట్టే చేసిన. పాతది పాత ఇనుప సామాన్లు కొనే తాతకేసి కొత్తది తెచ్చిన.” ఆగి ఊపిరి పీల్చుకుంది. “అది గూడ కాలింది.”

నేను ఎదురుగా ఉన్న రిజిస్టరు మూశాను.

“మడి పగులుతున్నది. గింజ పాలు పోసుకునే యాల. నీళ్లు లేకపోతే అన్ని తాలే. నువ్వొచ్చి ఒక్కపాలి చూడు కొడుకా. గీ మోటరు గూడ పాతదేనేమో, షాపోడు మోసం చేసిండేమో. నువ్వైతే పట్టుకుంటవ్.”

ఇంజనీరు బయటికి వచ్చింది. కుర్చీ జరిపి అవ్వను కూర్చోబెట్టింది. “పాత మోటరని ఎవరు చెప్పిన్రు అవ్వా?”

“ఇంకెవరు, నా కొడుకే. నాలుగు వందల పది చూపెట్టిండు. పటేల్ గూడ చూసిండు.”

ఆమె నా వైపు తిరిగింది. చాలా మెల్లగా, అవ్వకు అర్థం కాకూడదన్నట్టు అడిగింది: “మోటర్లు బంద్ ఉన్నప్పుడు చూసిన్రా అన్నా?”

గదిలో ఉన్న లైన్‌మన్లు రాత ఆపారు. ఆ ప్రశ్న అర్థం కానివాళ్లు అక్కడ అవ్వ తప్ప ఎవరూ లేరు. అవునని చెప్పి ఊరుకుంటే అది పొరపాటుగా పోయేది. కానీ లైన్ ఇన్‌స్పెక్టర్ చేసే పొరపాటు కాదది, హెల్పర్ కూడా చేయడు.

“తెలిసే చూసిన మేడం,” అన్నాను.

ఆమె లైన్‌మన్‌ను పంపి అవ్వకు మంచినీళ్లు తెప్పించింది. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఆమె మంచితనం మీద నాకు అప్పుడు కూడా అసూయే కలిగింది.

మరునాడు నేను పటేల్ ఇంటికి వెళ్లి, మళ్లీ ఒకసారి మిట్ట మీదికి రమ్మని బతిమాలాను. మిట్ట మీది మిగిలిన నలుగురు రైతులను తలా ఒక స్టార్టర్ దగ్గర నిలబెట్టి, మోటార్లన్నీ ఆపించాను. అవ్వ మోటారు వైండింగు షాపులో ఉంది, కానీ ఆమె స్టార్టర్ డబ్బాకు కరెంటు ఉంది. మీటరు అక్కడే పెట్టాను.

“ఎంతున్నది పటేలా?”

“నాలుగు వందల పది. గిది అప్పుడే చూసినం గద?”

“ఇప్పుడు చూస్తనే ఉండు.” గట్టు మీదికి ఎక్కి చెయ్యి ఊపాను. పక్క పొలంలో మోటారు మొదలైంది. మీటరు మూడు వందల తొంభై అయిదుకు దిగి ఆగింది. ఇంకో చెయ్యి ఊపాను. మూడు వందల డెబ్బై ఎనిమిది. మూడోదానికి మూడు వందల యాభై ఎనిమిది. పటేల్ మీటరు మీదికి వంగాడు. నాలుగోది నడవగానే అంకె మూడు వందల ముప్పై ఆరు దగ్గర ఊగిసలాడింది.

“ఓర్నీ! యాడికి పోతున్నది ఇదంతా?”

“నీ పొలం మీద తీగల్లనే వేడయి పోతున్నది. అవ్వది గూడ నడిస్తే మూడు వందల పది దాక దిగుతది. వోల్టేజీ తగ్గిన కొద్ది మోటరు ఇంకా ఎక్కువ కరెంటు గుంజుతది. ఎక్కువ గుంజిన కొద్ది తీగ ఇంకా తింటది. ఆ వేడికే వైండింగు కాలేది. కొత్త మోటరైనా గంతే, పాత మోటరైనా గంతే.”

పటేల్ నిటారుగా నిలబడ్డాడు. “మరి అప్పుడు వానవడ్డ మర్నాడు తెచ్చి చూపెట్టినవ్. ఎరుక లేకనా, ఎరుకుండా?”

“ఎరుకుండే పటేలా.”

“ఎందుకు?”

“మేడం మీద కడుపుమంట. మీరు నన్ను ఇడిసి ఆమె మాట ఇంటున్నరని.”

ఆయన ఫక్కున నవ్వాడు. కోపంలో వచ్చే నవ్వు. “యాభై దాటినవ్, నెత్తి తెల్లగయింది, సవతి పోరా నీకు? గా ముసలిదాని మడి మీద తీర్చుకుంటవా?”

గట్టు మీద రైతులు నిలబడి వింటున్నారు. ఎవరూ నవ్వలేదు. అవ్వ స్టార్టర్ డబ్బా మీద చెయ్యి వేసి ఉంది. చివరికి అడిగింది:

“అయితే గా పాత మోటరు మంచిదేనా?”

“మంచిదే అవ్వా.”

“తాతకిచ్చిన గద,” అంది. నాతో కాదు, తనలో తాను అనుకుంది. డబ్బా తలుపు మెల్లగా మూసింది.

పెద్ద లైను వచ్చేలోగా ఆ వేసవికి ఒక్క పనే చేయగలిగాము. నలుగురు రైతులూ వంతులు పెట్టుకొని, ఒకసారి రెండు మోటార్లకు మించి నడపకుండా అవ్వ మడికి పైపు వేసి నీళ్లిచ్చారు. రెండు మోటార్లయితే తీగ అంతగా తినదు. ఈ ఉపాయం నేనే చెప్పాను. దాన్ని గొప్పగా చెప్పుకోవడానికి లేదు. ఏ రోజైనా చెప్పగలిగి ఉండీ చెప్పనిది అది. కింది సగం మడి దక్కింది. పై సగం ఎండి తాలుగా మారింది, దాన్ని కోసి బర్లకు వేశారు.

పెద్ద లైనుకు నేను పటేల్‌ను గట్టు అడిగాను. ఆయన బీడీ ఆర్పి అన్నాడు:

“నువ్వు అడిగితే ఇయ్య. గా పిల్ల వొచ్చి అడగాలె, అప్పుడిస్త.”

ఆ మాట ఎంత న్యాయమైనదో తెలిసి కూడా, వింటున్నప్పుడు కడుపులో ఎక్కడో పాత చోటే మండింది. ఆఫీసుకు వచ్చి ఇంజనీరుతో చెప్పాను. ఆమె సాయంత్రమే వెళ్లింది. పోయిన పనిని మళ్లీ మా వైపు తెప్పించడానికి చాలా తిరిగింది. పై ఆఫీసులో ఆ లైను ఎందుకు ఆగిందని అడిగినప్పుడు ఆమె నా సంగతి చెప్పలేదట. ‘రైతుకు మేము సరిగ్గా చెప్పలేకపోయాం’ అందట. మేము! ఆ మాటలో నన్ను కూడా కలుపుకుంది. పెద్దవాళ్లకు జరిగింది జరిగినట్టు నేనే చెప్పుకున్నాను. దానికి దక్కవలసిన మందలింపు దక్కింది.

వరి నాట్లకు ముందు పని పూర్తయింది. అవే స్తంభాలు, అవే తీగలు. పాత చిన్న గిన్నెల స్థానంలో పెద్ద గిన్నెలు, తీగల మధ్య ఎడం ఎక్కువ, మిట్ట గట్టు మీద ఎత్తైన దిమ్మె, దాని మీద చిన్న ట్రాన్స్‌ఫార్మర్, చుట్టూ బర్లు పోకుండా కంచె. పటేల్‌కు నేను చెప్పిన భయం ఉత్తది కాదు. పదకొండు వేలతో ఆటలు లేవు. అందుకే ఎత్తు, కంచె, జాగ్రత్త. వాటి గురించి చెప్పకుండా భయాన్ని ఒక్కదాన్నే నేను వాడుకున్నాను.

చార్జ్ చేసే రోజు రైతులందరూ వచ్చారు. పసుపు కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ అవ్వ చేతిలో ఉంది. నేను వెనక, కంచె అవతల నిలబడ్డాను. కాయ ఎటు పోతుందో నాకు తెలుసు. తెలిసినా నా కళ్లు ఆ చేతిని వదల్లేదు.

అవ్వ ఎవరికీ ఇవ్వలేదు. దిమ్మె అంచున తానే కొట్టింది. ఒక్క దెబ్బకు రెండు చెక్కలయింది.

లైన్‌మన్ స్విచ్ ఎక్కించాడు. అయిదు మోటార్లూ ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి. నేను అలవాటుగా అవ్వ స్టార్టర్ దగ్గరికి నడిచి మీటరు పెట్టాను. ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఎక్కడైనా తక్కువ చూపిస్తుందేమోనని, ఆమె లెక్కలో ఏదైనా చిన్న లోపం దొరుకుతుందేమోనని నా మనసులో ఒక మూల ఇంకా ఎదురు చూస్తోంది. అయిదు మోటార్లు పూర్తి బరువుతో నడుస్తున్నాయి. మీటరు నాలుగు వందల ఎనిమిది చూపించింది. మోటారు మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

అవ్వ కొబ్బరి ముక్కలు పళ్లెంలో పెట్టుకొని వచ్చింది. మొదటి ముక్క ఇంజనీరు చేతిలో పెట్టి, “తిను బిడ్డా,” అంది. పటేల్‌కు ఇచ్చింది, రైతులకు ఇచ్చింది. తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చింది. పళ్లెం నా ముందుకు చాపింది. నా ముఖంలోకి చూడలేదు.

“తీస్కోండ్రి సారూ,” అంది.

నేను రెండు చేతులూ పట్టి తీసుకున్నాను. వేపచెట్టు కింద మంచం వాల్చి ఉంది. పైపులోంచి నీళ్లు ఆమె పై మడి వైపు, పోయిన పంటలో ఎండిపోయిన ఆ సగం వైపు నిండుగా పారుతున్నాయి. బండి తీసుకొని వచ్చేశాను.